పసుపుకు చోటు వదిలిన శుభలేఖ: ఒక నమూనా తయారీ డైరీ

మొదటి రోజు

మా కాలనీ మలుపులో శుభలేఖల దుకాణం ఉంది. దాన్ని నడిపే పెద్దాయన నన్ను పిలిచి రెండు నమూనాలు చేసిపెట్టమని అడిగారు. ఒకటి పెళ్లి పత్రిక, రెండోది ఉగాదికి పంపే శుభాకాంక్షల కార్డు. రెండింటికీ బంగారు ఫాయిల్ అంచు, తగిన కవరు, అక్షరాల కోసం ఖాళీ చోటు ఉండాలి. నమూనా నచ్చితే ప్రెస్సులో ముందుగా 500 కార్డులు అచ్చువేయించి దుకాణంలో పెడతారు. పెళ్లివారు వచ్చి కార్డు ఎంచుకున్నాక వాళ్ల పేర్లు, ముహూర్తం ఆ ఖాళీలో ముద్రిస్తారు. అంటే నేను చేసేది సగం కార్డు. మిగతా సగం నేను ఎన్నడూ చూడని మనిషి, నేను ఎన్నడూ చూడని యంత్రం మీద పూర్తి చేస్తాడు.

"అక్షరాలు పడే చోటు ముందు చూసుకోమ్మా. పువ్వులన్నీ గీసేసి తరువాత చోటు వెతికితే పత్రిక ఇరుకైపోతుంది" అన్నారాయన. ఆ మాట పట్టుకుని మొదటి రోజంతా గీత గీయకుండా, ఆయన ఇచ్చిన పాత పత్రికల్లో పంక్తులు లెక్కపెట్టాను.

కార్డు మూసినప్పుడు 127 మి.మీ. వెడల్పు, 178 మి.మీ. ఎత్తు అనుకున్నాము. ఇంగ్లీషు కొలతలో ఐదు అంగుళాలకు ఏడు. లోపలి పేజీలో అంచు నుంచి 6 మి.మీ. వదిలి 1 మి.మీ. మందంతో ఫాయిల్ చట్రం, దాని లోపల మరో 6 మి.మీ. ఖాళీ. అప్పుడు అక్షరాలకు మిగిలేది 101 మి.మీ. వెడల్పు, 152 మి.మీ. ఎత్తు. పైన వినాయకుడి బొమ్మకు 30 మి.మీ. తీసేస్తే ఎత్తు 122 మి.మీ. అవుతుంది.

తెలుగు అక్షరాన్ని 12 పాయింట్ల కంటే తగ్గిస్తే ఇంట్లో పెద్దవాళ్లు చదవలేరు. పంక్తికీ పంక్తికీ మధ్య దూరం ఇంగ్లీషుకు సరిపోయినంత ఇస్తే పై పంక్తిలోని వత్తులు కింది పంక్తి గుడి దీర్ఘాలకు తగులుతాయి. "లక్ష్మీ" కింద "శ్రీ" పడిన చోట ఇది వెంటనే కనిపిస్తుంది. 18 పాయింట్ల దూరం ఇచ్చాను, అది 6.35 మి.మీ. 122 మి.మీ.లో అలాంటివి 19 పంక్తులు పడతాయి.

పాత పత్రికల్లో మధ్యరకంగా ఉన్నదాన్ని తీసుకుని లెక్కవేశాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు ఒక పంక్తి. స్వస్తిశ్రీతో మొదలై సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం, లగ్నం వరకు నాలుగు. వధువు తాతగారు, తల్లిదండ్రుల వివరాలు మూడు, వరుడివి మూడు. వధూవరుల పేర్లు పెద్ద అక్షరాల్లో మూడు పంక్తుల చోటు తింటాయి. సుముహూర్తం రెండు, కల్యాణ వేదిక మూడు, విందు రెండు, ఆహ్వానించువారు రెండు. మొత్తం 23. నాలుగు పంక్తులకు చోటు లేదు.

అక్షరం తగ్గించడం నాకు ఇష్టం లేదు. వినాయకుడిని లోపలి పేజీ నుంచి ముందు అట్ట మీదికి తెచ్చాను. అప్పుడు 152 మి.మీ. మొత్తం అక్షరాలకే దక్కుతుంది. 23 పంక్తులకు 146 మి.మీ. చాలు.

మూడో రోజు

చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే, అంటే 300 జి.ఎస్.ఎం. అట్ట తెచ్చి మొదటి మడత పెట్టాను. మడత వెంబడి తెల్లటి పగుళ్లు వచ్చాయి. అట్టలో నార ఒక దిక్కుకు ఉంటుంది. నారకు అడ్డంగా మడిస్తే పై పొర విరుగుతుంది. అట్టను మడవకుండా రెండు దిక్కులా కాస్త వంచి చూస్తే తెలుస్తుంది. ఏ వైపు తేలిగ్గా వంగుతుందో మడత గీత ఆ వంపుతో పాటే పోవాలి. నేను తొందరలో షీటులో వృథా తక్కువ కావాలని అడ్డంగా కోశాను. రెండో షీటులో నార నిలువుగా వచ్చేట్టు కోస్తే వృథా పెరిగింది, మడత మాత్రం శుభ్రంగా కుదిరింది.

మడతకు ముందు గాడి తీయాలి. ఇంట్లో సిరా అయిపోయిన బాల్‌పాయింట్ పెన్ను, స్టీలు స్కేలు చాలు. గాడి నొక్కినప్పుడు అట్ట వెనుక వైపు చిన్న గట్టు లేస్తుంది. మడిచాక ఆ గట్టు లోపలి వైపు ఉండాలి. చాలామంది గాడి లోపలికి వచ్చేట్టు మడుస్తారు. అలా చేస్తే గట్టు బయటికి వచ్చి మడత మీద సాగుతుంది, అక్కడే పగులుతుంది.

మొదట గీసిన నమూనాలో బయటి బంగారు చట్రం ముందు అట్ట నుంచి వెనుక అట్టకు మడత మీదుగా సాగేది. కాగితం మీద చూస్తే అందంగా ఉంది. కానీ సరైన దిక్కులో మడిచిన అట్టలో కూడా ఫాయిల్ మడత దగ్గర సన్నగా చిట్లుతుంది, ఎందుకంటే ఆ లోహపు పొర కాగితంలా సాగదు. పది సార్లు తెరిచి మూస్తే అక్కడ బంగారం రాలి తెల్ల గీత మిగులుతుంది. పెళ్లి పత్రికను ఇంటిల్లిపాదీ తెరిచి చూస్తారు. కాబట్టి ఆ చట్రం ముందు అట్టకే పరిమితం, మడత నుంచి 6 మి.మీ. ఇవతలే ఆగుతుంది.

ఐదో రోజు

ప్రెస్సులో ఫాయిల్‌ను వేడితో నొక్కే లోహపు అచ్చు, అంటే బ్లాకు చేయించడానికి ముందు ఇంట్లోనే ఫాయిల్ వేసి చూడాలనుకున్నాను. పద్ధతి తేలికైనది. లేజర్ ప్రింటర్‌లో చట్రాన్ని నల్లగా అచ్చువేసి, దాని మీద టోనరు అనే సిరా పొడికి అంటుకునే రకం ఫాయిల్‌ను బంగారు వైపు మనకు కనిపించేలా పరిచి, రెండు కాగితాల మధ్య పెట్టి ల్యామినేటర్ గుండా పంపాలి. వేడికి టోనరు కరిగి ఫాయిల్‌ను పట్టుకుంటుంది. చల్లారాక ఫాయిల్ పొరను ఒలిస్తే నల్లగా ఉన్న చోటంతా బంగారం నిలుస్తుంది. వేడిగా ఉన్నప్పుడే ఒలిస్తే అంచులు చిరుగుతాయి.

మా ప్రింటర్ 163 జి.ఎస్.ఎం. వరకే కాగితం తీసుకుంటుంది. అందుకే ఈ ప్రయోగం పలచని కాగితం మీదే. గరుకు కాగితం ఒకటి, నున్నని కాగితం ఒకటి ప్రయత్నించాను. గరుకు దాని గుంటల్లో ల్యామినేటర్ ఒత్తిడి అందలేదు, చట్రమంతా చుక్కలు చుక్కలుగా నలుపు కనిపించింది. నున్నని దాని మీద గీత అద్దంలా వచ్చింది.

సాయంత్రం ఆ కార్డునే తిరిగి ప్రింటర్‌లో పెట్టి ఖాళీ చోట 23 పంక్తులు అచ్చువేశాను. దుకాణంలో జరగబోయేది అదే కదా. కార్డు బయటికి వచ్చేసరికి అక్షరాలు బాగున్నాయి, చట్రం మాత్రం పాడయింది. మెరుపు పోయి మసకబారింది, కింది గీతలో కొంత భాగం లేచిపోయింది. ఆ తరువాత వేసిన మామూలు కాగితాల మీద కూడా సమాన దూరాల్లో బంగారు మచ్చలు పడ్డాయి.

ఆ సమాన దూరమే కారణం చెప్పింది. ప్రింటర్ లోపల టోనరును కరిగించి కాగితానికి అంటించే వేడి రోలరు ఉంటుంది. దాని వేడి ల్యామినేటర్ వేడి కంటే ఎక్కువ. ఫాయిల్ కింద ఉన్న పాత టోనరు మళ్లీ కరిగి, పైనున్న బంగారం రోలరుకు అంటుకుంది. రోలరు ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ అదే మచ్చను కాగితానికి ఇస్తోంది. మచ్చల మధ్య దూరం రోలరు చుట్టుకొలత. వరుసగా ఖాళీ కాగితాలు పంపితే పన్నెండో కాగితానికి మచ్చలు ఆగాయి.

ఈ తప్పు నా గదిలో జరిగింది కాబట్టి ఒక కార్డుతో పోయింది. 500 కార్డులు దుకాణంలో చేరాక, ఏ ఊళ్లోనో చిన్న ప్రెస్సులో వంద కార్డులు లేజర్ యంత్రంలో పెట్టి ఉంటే ఒక పెళ్లివారి పత్రికలు పోయేవి, యంత్రమూ పాడయ్యేది. వేడి బ్లాకుతో వేసిన ఫాయిల్‌కు కింద టోనరు ఉండదు. అయినా ఆ ఫాయిల్ వేడితోనే అంటుకుంటుంది కాబట్టి లేజర్ యంత్రంలోకి పంపితే భరోసా లేదు.

ఆరో రోజు

పెద్దాయన దగ్గరికి వెళ్లి పాడైన కార్డు చూపించాను. ఆయన వేలితో చట్రాన్ని తడిమి, "స్క్రీన్ ప్రింటింగ్ అయితే వేడి లేదు, భయం లేదు. కానీ ఇప్పుడు యాభై కార్డులు, వంద కార్డులు అడిగేవాళ్లే ఎక్కువ. వాటికి స్క్రీన్ తయారు చేస్తే గిట్టుబాటు కాదు. అందుకే లేజర్‌లో వేసేస్తారు" అన్నారు.

కాబట్టి అక్షరాల చోటును అట్ట నుంచి వేరు చేయాలని నిర్ణయించుకున్నాను. లోపల ఒక విడి కాగితం. 120 జి.ఎస్.ఎం., తెరిస్తే 240 మి.మీ. వెడల్పు, 170 మి.మీ. ఎత్తు. మధ్యలో మడిచి అట్ట మడతలోకి సన్నని జిగురు గీతతో అంటిస్తారు. ఎడమ పేజీ తెలుగుకు, కుడి పేజీ ఇంగ్లీషుకు. మన వాళ్లలో రెండు భాషలూ అడిగేవారు చాలామంది. ఈ కాగితం మీద ఫాయిల్ చుక్క కూడా ఉండదు. లేజర్‌లో వేసినా, ఆఫ్‌సెట్‌లో వేసినా, ఇంక్‌జెట్‌లో వేసినా దానికి బాధ లేదు. అచ్చు తప్పుపడితే కాగితం ఒక్కటే మారుతుంది, అట్ట మిగులుతుంది. ముహూర్తం మారిన పత్రికలకు ఇది ఎంత మేలో పెద్దాయనే చెప్పారు.

లెక్క మళ్లీ చూశాను. ఒక్కో పేజీ 120 మి.మీ., నాలుగు వైపులా 10 మి.మీ. వదిలితే 100 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. ఎత్తు. 23 పంక్తులకు 146 మి.మీ. సరిపోయింది.

అట్ట మీద మిగిలిన ఖాళీ ఒక్కటే. ముందు వైపు వినాయకుడి కింద వధూవరుల పేర్ల కోసం 80 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. ఎత్తు. అక్కడ మాత్రం స్క్రీన్ లేదా ఆఫ్‌సెట్. పేర్లు వేయకుండా వదిలేసినా అట్ట వెలితిగా కనిపించకూడదని దాని చుట్టూ గీత గీయలేదు. గీత ఉంటే ఖాళీ అని తెలిసిపోతుంది.

ఎనిమిదో రోజు

ఈ రోజు రాసేది నేను ముందు ఆలోచించని విషయం. మా అమ్మ నమూనా చూసి, "పసుపు ఎక్కడ పెడతారు?" అని అడిగింది. పత్రికలు అచ్చయి ఇంటికి రాగానే మొదటి పత్రికను దేవుడి ముందు పెట్టి, నాలుగు మూలలా తడి పసుపు అద్దుతారు. తరువాత పంచే పత్రికలన్నింటికీ అద్దేవాళ్లు ఉన్నారు. నా చట్రం నాలుగు మూలల్లోనూ మెలికలు తిరిగి ఉంది.

మూలల మీద పసుపు అద్ది చూశాను. ఫాయిల్ మీద పసుపు నిలవలేదు. తడి ఆరాక పొడిగా రాలిపోయి, బంగారం మీద మురికిలా మిగిలింది. మాట్ ల్యామినేషన్ చేసిన అట్ట ముక్క మీద కూడా అంతే. పైన ప్లాస్టిక్ పొర ఉంది కాబట్టి పసుపు లోపలికి ఇంకదు, చెయ్యి తగిలితే తుడుచుకుపోతుంది. పూత లేని అట్ట మీద అద్దితే క్షణంలో ఇంకి, ఆరాక గుండ్రంగా, నిండుగా నిలిచింది. నీళ్లు ఎక్కువైన చోట మాత్రం అట్ట మూల కాస్త పైకి లేచింది, రాత్రంతా పుస్తకాల కింద పెడితే సర్దుకుంది.

కాబట్టి రెండు మార్పులు. ముందు అట్టకు ల్యామినేషన్ లేదు, పూత లేని నున్నని అట్టే వాడతాము. చట్రం నాలుగు మూలల్లోనూ తెగిపోతుంది. బొటనవేలితో అద్దిన పసుపు చుక్క వెడల్పు 15 నుంచి 18 మి.మీ. వచ్చింది. అంచు నుంచి 26 మి.మీ. వరకు ఫాయిల్ లేకుండా వదిలాను. ఇప్పుడు చట్రం నాలుగు విడి గీతలు. పసుపు పెట్టనప్పుడు మూలలు తెరుచుకుని గాలి ఆడినట్టు ఉంటాయి, పెట్టాక నాలుగు పసుపు చుక్కలు చట్రాన్ని కలుపుతాయి. మెలికల కంటే ఇదే నాకు బాగా నచ్చింది.

తొమ్మిదో రోజు

బ్లాకు కోసం ఫైలు తయారు చేశాను. ఫాయిల్‌కు రంగు ఉండదు, ఉందీ లేదూ అన్నదే లెక్క. కాబట్టి ఫైలులో ఫాయిల్ పడే చోటు పూర్తి నలుపు, మిగతా అంతా ఖాళీ. తెర మీద అందంగా కనిపించాలని బంగారు రంగు ఛాయలు నింపిన ఫైలు పంపితే బ్లాకు చేసేవారికి అది పనికిరాదు. కొలతలు నేరుగా మిల్లీమీటర్లలో రావడానికి చేత్తోనే రాశాను.

```svg
<svg xmlns="http://www.w3.org/2000/svg"
     width="127mm" height="178mm" viewBox="0 0 127 178">
  <g id="foil" fill="#000">
    <rect x="26" y="6" width="75" height="1"/>
    <rect x="26" y="171" width="75" height="1"/>
    <rect x="6" y="26" width="1" height="126"/>
    <rect x="120" y="26" width="1" height="126"/>
  </g>
</svg>
```

వినాయకుడిని ఇదే పొరలో తరువాత చేర్చాను. బొమ్మలో మొదట తొండం చుట్టూ వెంట్రుక అంత సన్నని గీతలు గీశాను. అవన్నీ తీసి 0.3 మి.మీ. కంటే సన్నని గీత లేకుండా, రెండు గీతల మధ్య సందు 0.5 మి.మీ.కు తగ్గకుండా మళ్లీ గీశాను. ఎందుకో పన్నెండో రోజు తెలిసింది.

చట్రాన్ని అంచు నుంచి 6 మి.మీ. లోపల ఎందుకు పెట్టానో కూడా ఇక్కడ రాస్తాను. కోతలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కావడం ప్రెస్సులో మామూలు. గీత అంచుకు 3 మి.మీ. దూరంలో ఉంటే ఒక వైపు 2, మరో వైపు 4 అవుతుంది. ఒకటి రెండోదానికి రెట్టింపు, కన్ను వెంటనే పట్టేస్తుంది. 6 మి.మీ. దూరంలో ఉంటే 5, 7 అవుతాయి. చేతిలో పట్టుకుని చూసేవారికి ఆ తేడా తెలియదు.

పన్నెండో రోజు

ప్రెస్సుకు వెళ్లాను. పాత ట్రెడిల్ అచ్చు యంత్రానికి వేడి పలక బిగించి ఫాయిల్ వేస్తారు. బ్లాకు వేడెక్కడానికి అరగంట పట్టింది. యంత్రం నడిపే అన్న మొదట 110 డిగ్రీల దగ్గర ఒక కార్డు వేశారు. చట్రం బాగానే వచ్చింది, వినాయకుడి పొట్ట దగ్గర పెద్ద భాగంలో బంగారం అతుకులు అతుకులుగా పడింది. వేడి పెంచి వేస్తే పొట్ట నిండింది కానీ కిరీటంలోని సందులు పూడిపోయాయి.

"పెద్ద మచ్చకు ఎక్కువ వేడి కావాలి, సన్న గీతకు తక్కువ కావాలి. రెండూ ఒకే బ్లాకులో పెడితే మధ్యలో ఎక్కడో ఆగాలి తల్లీ" అన్నారు. వేడి తగ్గించి, పొట్ట ఉన్న చోట బ్లాకుకు ఎదురుగా అట్ట కింద పలచని కాగితం ముక్క అంటించి అక్కడ మాత్రం ఒత్తిడి పెంచారు. నాలుగో కార్డుకు రెండూ కుదిరాయి. 0.5 మి.మీ. సందులు తెరిచే ఉన్నాయి. ఒకచోట నేను మరచిపోయి వదిలిన ఇరుకు సందు మాత్రం పూడింది. ఫైలులో దాన్ని పూర్తిగా నలుపు చేసేయడమే మేలు.

వేడి ఎక్కువైందో తక్కువైందో తెలుసుకోవడానికి ఆయన చూపిన గుర్తులు సులువైనవి. తక్కువైతే బంగారంలో కాగితం కనిపిస్తుంది, వేలితో రుద్దితే పొడి వస్తుంది. ఎక్కువైతే గీత అంచు దాటి బంగారం పొంగుతుంది, మెరుపు తగ్గి మబ్బు పట్టినట్టు ఉంటుంది.

ఇంకో విషయం ఆయన చెప్పకపోతే నాకు తట్టేది కాదు. అట్టను యంత్రంలో ఒక మూలకు ఆనించి పెడతారు. పొడవు వైపు రెండు గైడ్లు, పొట్టి వైపు ఒకటి. ఫాయిల్ ఆ మూల నుంచే కొలతకు పడుతుంది. తరువాత ఎక్కడో వధూవరుల పేర్లు స్క్రీన్‌లో వేసేవారు అట్టను ఎదుటి మూలకు ఆనిస్తే, కోతలో వచ్చిన తేడా అంతా పేర్లకూ చట్రానికీ మధ్య బయటపడుతుంది. అదే మూలకు ఆనిస్తే ఆ తేడా ఎవరికీ కనిపించని వైపుకు పోతుంది. కాబట్టి ప్రతి అట్ట వెనుక, లోపలి కాగితం అంటించే చోట, ఆ మూలలో చిన్న కోణం గుర్తు అచ్చువేయాలని తీర్మానించాము. కాగితం అంటించాక అది కనిపించదు.

పధ్నాలుగో రోజు

కవరు. మొదటి కవరును కార్డు కంటే పొడవు వెడల్పుల్లో 3 మి.మీ. మాత్రమే పెద్దగా కోశాను, అంటే ఒక్కో వైపు ఒకటిన్నర. ఒక్క అట్టను పెట్టి చూసినప్పుడు సరిగ్గా పట్టింది. లోపలి కాగితం అంటించిన పూర్తి కార్డు పెడితే మడత దగ్గర లావు ఎక్కువై, తోసి పెట్టాల్సి వచ్చింది. మూడోసారి తీసేటప్పుడు కార్డు మూల నలిగింది. రెండో కవరు 133 మి.మీ.కు 184 మి.మీ., ఒక్కో వైపు 3 మి.మీ. ఖాళీ. కార్డు తనంతట తాను జారి దిగుతుంది, అలాగని లోపల ఊగదు. కవరు కొలత ఎప్పుడూ పూర్తయిన కార్డుతోనే చూడాలి.

కవరు మూత అంచుకు బంగారం కావాలని పెద్దాయన కోరిక. మూత కొస వరకు ఫాయిల్ వేసి తరువాత కోస్తే, కత్తెర నడిచిన చోట బంగారం పొడిపొడిగా రాలింది. గీతను కొస నుంచి 2 మి.మీ. లోపలికి జరిపాక కోత దానికి తగలడం లేదు.

చిరునామా చోటు గురించి ఒక జాగ్రత్త. కవరు వెనుక అతుకు ఎక్కడ ఉందో ముందు వైపు అక్కడ కాగితం మందం మారుతుంది. సిద్ధమైన కవరు మీద పంపేవారి పేరో, "శుభలేఖ" అనో స్క్రీన్‌లో వేస్తే అతుకు గట్టు మీద సిరా మందంగా, పక్కన అందక చార వస్తుంది. నా మొదటి నమూనాలో అతుకు సరిగ్గా మధ్యలో వచ్చింది. పక్క అతుకుల కవరుగా మార్చాను. ఇప్పుడు ముందు వైపు మధ్య భాగం మొత్తం ఒకే మందం. "శ్రీ/శ్రీమతి" అని ముందే అచ్చు వేయవద్దన్నాను. ఎవరి పేరు ఎలా రాయాలో పంచేవాళ్లకే తెలుస్తుంది.

పదహారో రోజు

ఉగాది కార్డుకు ఒక్క రోజే పట్టింది. అదే కొలత, అదే కవరు. అంచు మాత్రం వేరు. ఇక్కడ కార్డు ముఖం మీద కాకుండా కోసిన మందం మీదే బంగారం ఉండాలనుకున్నాను. ఇరవై కార్డులను మడవకముందే దొంతరగా పేర్చి, రెండు చెక్కల మధ్య బిగించి, అంచును సన్నని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పలచగా జిగురు పూసి, అది చేతికి జిగటగా మాత్రమే ఉన్నప్పుడు ఫాయిల్ పరిచి గుడ్డతో నొక్కాను. తడి ఉండగానే వేసిన మొదటి వైపు జిగురు దొంతరలోకి పాకి కార్డులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. మిగతా మూడు వైపులా జిగురు ఆరనిచ్చి వేస్తే విడివిడిగా వచ్చాయి. మడిచాక పక్క నుంచి చూస్తే బంగారు దారంలా కనిపిస్తుంది.

లోపల ఖాళీ అచ్చుకు కాదు, చేతిరాతకు. అందుకే లోపలి వైపు పూత లేని అట్ట ఎంచుకున్నాను. పూత ఉన్న వైపు జెల్ పెన్నుతో రాసి నిమిషం తరువాత వేలు ఆనిస్తే అక్షరం సాగింది. పూత లేని వైపు వెంటనే ఆరింది. కింద ఒక పంక్తి చోటు పంపే సంస్థ పేరుకు వదిలాను, అది అక్కర్లేనివారికి కార్డు అలాగే పూర్తిగా కనిపిస్తుంది.

పదిహేడో రోజు

దుకాణం ఆల్బమ్ కోసం ఫోటోలు. మొదటి ఫోటోల్లో బంగారం నల్లగా వచ్చింది. కిటికీ వెలుగు సరిపోలేదేమోనని దీపం పెంచాను, ఇంకా నల్లబడింది. ఫాయిల్ అద్దం లాంటిది, తన ఎదురుగా ఏముందో అదే చూపిస్తుంది. ఎదురుగా ఉన్నది నా చీకటి గది, నల్ల దుస్తులు. కిటికీకి ఎదురు వైపు, కార్డు పైన కాస్త వాలుగా తెల్ల చార్టు కాగితం పట్టుకుంటే ఒక్కసారిగా చట్రం బంగారమైంది. చార్టును మెల్లగా కదిపితే గీత వెంట మెరుపు నడుస్తుంది. సగం తెల్లగా, సగం ముదురుగా ఉన్నచోట ఆపి తీసిన ఫోటోలోనే అది లోహమని తెలుస్తోంది.

ఖాళీ చోటును ఫోటోలో ఖాళీగానే వదిలాను. పెద్దాయన మొదట ఏవైనా పేర్లు పెట్టమన్నారు. తరువాత ఆయనే ఒక ఉపాయం చెప్పారు. ప్రతి కార్డుకు రెండు ఫోటోలు, ఒకటి ఖాళీగా, రెండోది లోపల 23 పంక్తులూ నింపి. ఎంత రాయవచ్చో చూపించడానికి రెండోది, తమ పేర్లు ఊహించుకోవడానికి మొదటిది.

పెళ్లి పత్రిక నమూనా వెనుక పెన్సిల్‌తో ఈ మాటలు రాసి ఇచ్చాను: ముందు అట్ట మీద స్క్రీన్ లేదా ఆఫ్‌సెట్ మాత్రమే, లేజర్ వద్దు. లోపలి కాగితం మీద ఏదైనా వేయవచ్చు. గుర్తు ఉన్న మూలకే ఆనించాలి. తెలుగు 12 పాయింట్లకు తగ్గకూడదు, 23 పంక్తులు దాటకూడదు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, లోపలి నుంచి పసుపు గిన్నె తెప్పించారు. నాలుగు మూలలా అద్ది, ఆరేదాకా కార్డును బల్ల మీద తెరిచి ఉంచారు. బ్లాకు ఆర్డరు రేపు పొద్దున్నే ఇస్తామన్నారు.